ముగ్గురాయికి గోడౌన్ అద్దె ఎలా లెక్కకట్టాలి?

మంగంపేట ముగ్గురాయి గురించి ఎవరు మాట్లాడినా ముందుగా చెప్పవలసింది దాని బరువు. అదే పరిమాణం నీటితో పోలిస్తే ఆ రాయి నాలుగు రెట్లకు పైగా తూగుతుంది. మేలురకం రాయి సాంద్రత 4.2 దాకా ఉంటుంది. చమురు బావులు తవ్వేవాళ్ళు ఈ రాయిని వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ బరువే. బావిలోకి పంపే బురదలో ముగ్గురాయి పొడి కలిపితే, కిందినుంచి ఎగదన్నే గ్యాసునూ నూనెనూ ఆ బురద తన బరువుతో అణిచి ఉంచుతుంది. పాత కడప జిల్లాలో, రాజంపేటకూ రైల్వే కోడూరుకూ నడుమ ఓబులవారిపల్లె మండలంలో ఉన్న మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే చాలా పెద్దది. అక్కడ రాయి తవ్వేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ. ఆ రాయిని కొని, పొడి కొట్టి, సంచుల్లో నింపి ఎగుమతి చేసే మిల్లులు గని చుట్టుపక్కల పుట్టుకొచ్చాయి.

గనిలో మేలు చేసే ఈ బరువు గోడౌన్‌కు వచ్చేసరికి చిక్కు తెచ్చిపెడుతుంది. సరుకు ఓడ ఎక్కేలోపు రేవు దగ్గర ఎక్కడో ఒకచోట పోగుపడాలి. చాలా మిల్లులకు రేవులో సొంత షెడ్డు కట్టుకునేంత వ్యాపారం ఉండదు. అందుకని వేరేవాళ్ళ గోడౌన్‌లో అద్దెకు పెడతారు. ఆ గోడౌన్ నడిపేవాళ్ళు చోటు ఇస్తారు, ఫోర్క్‌లిఫ్ట్ ఇస్తారు, హమాలీలను పెడతారు, లెక్క రాస్తారు. మూడో మనిషి నడిపే ఈ గిడ్డంగికి అద్దె ఏ లెక్కన కట్టాలి? మూడు కొటేషన్లు వస్తే వాటిలో ఏది చవక? ఈ ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందుగా సంచిని చూడాలి. ఎగుమతికి వెళ్ళే పొడిలో చాలా భాగాన్ని జంబో బ్యాగుల్లో నింపుతారు. నాలుగు మూలలా నాలుగు పట్టీలు ఉన్న పెద్ద నేత సంచులివి. ఒక్కోటి టన్ను నుంచి టన్నున్నర దాకా పడుతుంది. టన్నున్నర ముగ్గురాయి పొడి సుమారు ముప్పాతిక ఘనపు మీటరు చోటులోనే ఇమిడిపోతుంది. అంటే మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు కానీ, ఎత్తాలంటే మూడు టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ కావాలి. 20 అడుగుల కంటైనర్‌లో ఇలాంటి సంచులు పదిహేడో పద్దెనిమిదో ఎక్కేసరికి బరువు పరిమితి నిండిపోతుంది. పైన సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది.

గోడౌన్ వ్యాపారంలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే కొలత ప్యాలెట్. కొయ్యతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన బల్ల అది. మన దేశంలో ఎక్కువగా 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పుతో వస్తుంది. దాని మీద సరుకు పేర్చి, ఇనుప ర్యాకుల్లో అరకు ఒకటి చొప్పున పెడతారు. సబ్బులకూ బిస్కెట్లకూ మందులకూ ఇది చక్కటి పద్ధతి. ఒక అరకు నెలకు ఇంత అద్దె, లోపలికి తెచ్చిపెట్టినందుకు ఇంత, బయటికి తీసి లారీకి ఎక్కించినందుకు ఇంత అని ధర చెబుతారు. చోటు అద్దె వేరు, కదలిక ఖర్చు వేరు. వీటిని విడివిడిగా చూపడం న్యాయమే. సరుకు కదలకుండా పడి ఉంటే ఖర్చయ్యేది చోటు. రోజూ వస్తూ పోతూ ఉంటే ఖర్చయ్యేది మనుషులు, డీజిలు.

మామూలు ర్యాకుల్లో ఒక్కో అర మోసే బరువు టన్ను దగ్గర ఆగుతుంది. అందుకే కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక నిర్వచనం రాసి ఉంటుంది. ప్యాలెట్ అంటే ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, 1000 కిలోలు మించని బరువు అని. సబ్బుల వ్యాపారి ఆ వాక్యం చదవకపోయినా నష్టం లేదు. ఆయన సరుకు ఎప్పుడూ టన్నుకు చేరదు, ముందు ఎత్తు నిండుతుంది. ముగ్గురాయి వ్యాపారికి మాత్రం మొత్తం ధర ఆ వాక్యంలోనే ఉంది. టన్నున్నర సంచి ఆ నిర్వచనంలో ఇమడదు. పరిమితి దాటింది కాబట్టి గోడౌన్ వాళ్ళు దాన్ని రెండు ప్యాలెట్లుగా లెక్కిస్తారు.

ఒక ఊహా మిల్లును తీసుకుని లెక్క వేద్దాం. ఇందులో వచ్చే రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే కానీ ఏ గోడౌన్‌వీ కావు. ఈ మిల్లు మంచి నెలలో 600 టన్నులు రేవుకు పంపుతుంది. అంటే టన్నున్నర సంచులు 400. ఒకటో తేదీ నుంచి లారీలు వస్తూ ఉంటాయి, నెలాఖరుకు ఓడ ఎక్కిస్తారు. మొదటి రోజు వచ్చిన సంచి నెల పొడుగునా ఉంటుంది, చివరి రోజు వచ్చింది ఒక్క పూట ఉంటుంది. సగటున ఒక్కో సంచి 15 రోజులు ఉందనుకోవచ్చు. ఏడాదిలో ఇలాంటి మంచి నెలలు ఎనిమిది. చమురు కంపెనీల కొనుగోళ్ళు మందగించిన మిగతా నాలుగు నెలల్లో 150 టన్నులే వెళతాయి, అంటే 100 సంచులు.

మొదటి గోడౌన్ ప్యాలెట్ లెక్క చెప్పింది. ప్యాలెట్‌కు నెలకు 150 రూపాయల అద్దె, లోపలికి 70, బయటికి 70. మిల్లు యజమాని కాగితం మీద 400 సంచులు వేసుకున్నాడు. అద్దె 60,000, ఎత్తుడు దింపుడు 56,000, మొత్తం 1,16,000 రూపాయలు. టన్నుకు 193 పడుతుంది. చవకే అనిపించింది. మొదటి బిల్లు వచ్చేసరికి 400 సంచులు 800 ప్యాలెట్లు అయ్యాయి. అద్దె రెట్టింపయింది, కదలిక ఖర్చూ రెట్టింపయింది. మొత్తం 2,32,000 రూపాయలు, అంటే టన్నుకు 387. రేటు ఒక్క పైసా కూడా మారలేదు.

ఇందులో గోడౌన్ వాళ్ళు మోసం చేశారని అనడానికి లేదు. బరువైన సంచిని ర్యాకులో పెట్టలేరు, నేల మీదే పెట్టాలి. పెద్ద ఫోర్క్‌లిఫ్ట్ కావాలి, నేల ఆ బరువు ఓర్చుకోవాలి. కానీ నేల మీద రెండు వరసల ఎత్తున పేర్చినప్పుడు ఆ సంచి ర్యాకు వాడనే వాడడం లేదు. వాడని ర్యాకుకు రెండు అరల అద్దె ఎందుకు ఇవ్వాలన్నది మిల్లు యజమాని అడగవలసిన ప్రశ్న. ‘ఒక జంబో బ్యాగ్, రెండు టన్నుల లోపు బరువైతే, ఒక ప్యాలెట్’ అనే ఒక్క వాక్యం ఒప్పందంలో రాయించుకుంటే టన్నుకు సుమారు 193 రూపాయల తేడా పోతుంది. గోడౌన్ వాళ్ళు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. కొనుగోలుదారు సరేనంటే టన్ను సంచుల్లో నింపవచ్చు. అప్పుడు 600 సంచులు 600 ప్యాలెట్లే అవుతాయి. టన్నుకు 290 పడుతుంది. సంచుల ఖర్చు కాస్త పెరిగినా, రెండు ప్యాలెట్ల లెక్కకన్నా అదే మేలు.

రోజుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ‘నెల లేదా నెలలో కొంత భాగం’ అని రాసి ఉంటే అది క్యాలెండర్ నెలా, సరుకు వచ్చిన తేదీ నుంచి లెక్కించే నెలా అని అడగాలి. ఓడ నెలాఖరున కాకుండా వచ్చే నెల ఐదో తేదీన వచ్చిందనుకోండి. 25న గోడౌన్‌లోకి వచ్చిన సంచి 5న వెళ్ళిపోయింది. ఉన్నది పదకొండు రోజులు. వచ్చిన తేదీ నుంచి లెక్కిస్తే ఒక నెల అద్దె, క్యాలెండర్ లెక్కన రెండు నెలల అద్దె. ఓడ తేదీలు మిల్లు యజమాని చేతిలో ఉండవు కాబట్టి ఈ తేడా ఏదో ఒక నెలలో తగిలి తీరుతుంది.

రెండో గోడౌన్ టన్ను లెక్క చెప్పింది. టన్నుకు రోజుకు 4 రూపాయల అద్దె, లోపలికీ బయటికీ కలిపి టన్నుకు 120. ముగ్గురాయి లాంటి సరుకుకు ఇదే సహజమైన కొలత. రేవుల్లో ఖనిజాలకు పాతకాలం నుంచీ నడిచేది ఈ లెక్కే. సంచి టన్నుదైనా టన్నున్నరదైనా తేడా రాదు, కాటా చీటీలో ఎంత ఉంటే అంత. మంచి నెలలో 600 టన్నులు సగటున 15 రోజులు ఉంటే అద్దె 36,000, కదలిక 72,000, మొత్తం 1,08,000 రూపాయలు. టన్నుకు సరిగ్గా 180.

అదే తేలికైన సరుకైతే ఈ గోడౌన్ యజమాని టన్ను లెక్క చెప్పేవాడే కాదు. కర్నూలు వైపు నుంచి పొట్టుతో వచ్చే వేరుశనగ కాయలనే తీసుకోండి. టన్ను కాయలు ఆక్రమించే చోటు టన్ను ముగ్గురాయికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి చదరపు అడుగు లెక్కో బస్తా లెక్కో చెబుతారు. ఏ సరుకుకైనా ముందు నిండేది చోటా, బరువా అని చూసి, ముందు నిండేదాని మీద అద్దె కట్టడం గోడౌన్ వాళ్ళ అలవాటు. సరుకు యజమాని కూడా తన సరుకు గురించి ఆ సంగతి ముందే తెలుసుకుని ఉంటే బేరంలో నిలబడగలడు.

రెండో కొటేషన్‌లో రేటు కింద ఇంకో మాట ఉంది. నెలకు కనీసం 80,000 రూపాయల బిల్లు. సరుకు వచ్చినా రాకపోయినా ఆ మొత్తం కట్టాలి. ఈ కనీస హామీ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. చాలా ఒప్పందాల్లో నష్టం వచ్చేది ఇక్కడే.

గోడౌన్ నడిపేవాడు కనీసం అడగడానికి కారణం ఉంది. షెడ్డు మీద అప్పు ఉంటుంది. సరుకు లేని నెలలో కూడా బ్యాంకు వాయిదా, కాపలా మనిషి జీతం, బీమా, కరెంటు ఆగవు. ఒక మిల్లు కోసం చోటు ఖాళీగా ఉంచితే ఇంకొకరికి ఇవ్వలేడు. ఇది ప్రభుత్వానికీ తెలిసిన సంగతే. దేశంలో బియ్యానికీ గోధుమలకూ గోడౌన్లు చాలడం లేదని 2008లో ప్రైవేటు వాళ్ళ చేత కట్టించే పథకం తెచ్చారు. ఆ పథకంలో కట్టిన గోడౌన్‌ను పదేళ్ళు అద్దెకు తీసుకుంటామని ఎఫ్‌సీఐ హామీ ఇచ్చింది. పూర్తిగా నిండినా నిండకపోయినా మొత్తం సామర్థ్యానికి అద్దె వస్తుందన్న ఆ ధీమాతోనే పెట్టుబడిదారులు ముందుకొచ్చారు, బ్యాంకులు అప్పిచ్చాయి. హామీ లేకపోతే ఆ షెడ్లు లేచేవి కావు. మన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల పద్ధతీ ఒక రకంగా కనీస హామీయే. అక్కడ బస్తాకు సీజన్ మొత్తానికి ఒక అద్దె. రైతు రెండు నెలలకే తీసుకుపోయినా, ధర కోసం చివరిదాకా ఆగినా కట్టేది అదే.

కాబట్టి కనీసం అనే మాట వినగానే వద్దనవలసిన పని లేదు. అది ఎంత, దాన్ని ఎంతకాలానికి కొలుస్తారు అన్నవి చూడాలి. మన మిల్లుకు టన్నుకు 180 రూపాయలు పడుతున్నాయి. 80,000ను 180తో భాగిస్తే సుమారు 445 టన్నులు. ఏ నెలలో 445 టన్నులకు తక్కువ పంపితే ఆ నెలలో లేని సరుకుకు కూడా కడుతున్నట్టే. మంచి నెలల్లో 600 టన్నులు పంపుతుంది కాబట్టి ఆ ఎనిమిది నెలలకు ఇబ్బంది లేదు. మందకొడి నెలలో 150 టన్నులకు అసలు బిల్లు 27,000 మాత్రమే. అయినా 80,000 కట్టాలి. అంటే టన్నుకు 533 రూపాయలు.

ఇప్పుడు ఏడాదికి లెక్క వేద్దాం. ఎనిమిది మంచి నెలలకు 8,64,000, నాలుగు మందకొడి నెలలకు కనీసం చొప్పున 3,20,000. మొత్తం 11,84,000 రూపాయలు. అదే కనీసాన్ని నెలవారీగా కాకుండా ఏడాదికి కొలిస్తే? పన్నెండు నెలల కనీసం 9,60,000. మిల్లు నిజంగా వాడుకున్నదాని బిల్లు ఎనిమిది మంచి నెలలకు 8,64,000, నాలుగు మందకొడి నెలలకు 1,08,000, కలిపి 9,72,000. కనీసాన్ని దాటిపోయింది. అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. రేటు అదే, హామీ మొత్తం అదే. ‘నెలకు’ అన్నచోట ‘ఏడాదికి’ అని మార్చినందుకు 2,12,000 రూపాయలు మిగిలాయి.

ఏడాది లెక్కకు గోడౌన్ యజమాని వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు ప్రతి నెలా డబ్బు చేతికి రావాలి. దానికీ దారి ఉంది. ప్రతి నెలా 80,000 కట్టి, మంచి నెలల్లో దానిపైన వచ్చిన మొత్తాన్ని జమ పెట్టుకుని, మందకొడి నెలల్లో అందులో నుంచి సర్దుకోవచ్చు. అంతా ఏడాది చివర ఒకసారి తేల్చుకుంటారు. ఏడాది కుదరకపోతే మూడు నెలలకు కొలవమని అడగవచ్చు. అయితే మూడు మందకొడి నెలలు వరసగా వస్తే ఆ మూడు నెలల లెక్క వల్ల మేలేమీ జరగదు. తమ మందకొడి నెలలు ఏడాదిలో ఎక్కడ పడతాయో తెలిసిన వాళ్ళే ఈ బేరం సరిగ్గా చేయగలరు.

ఒప్పందం మొదలైన తొలి రెండు మూడు నెలల సంగతి వేరే. కొత్త గోడౌన్‌కు సరుకు ఒక్కసారిగా మారదు. లారీల దారి, కాగితాలు, కస్టమ్స్ ఏజెంటు అన్నీ సర్దుకోవాలి. ఆ కాలానికి కనీసంలో సగమో, అసలు లేకుండానో అడగడం మామూలే, ఇవ్వడమూ మామూలే. అడగకపోతే మాత్రం ఎవరూ తమంతట తాము ఇవ్వరు.

మూడో గోడౌన్ చదరపు అడుగు లెక్క చెప్పింది. 4,000 చదరపు అడుగులు ఈ మిల్లుకే కేటాయిస్తారు. అడుగుకు నెలకు 18 రూపాయలు, అంటే 72,000. ఎత్తుడు దింపుడుకు టన్నుకు 80. 400 సంచులను రెండు వరసల ఎత్తున పేర్చి, ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి దారి వదిలితే అంత చోటు దాదాపుగా కావాలి. మంచి నెలలో టన్నుకు 200, ఏడాది మొత్తానికి 12,96,000 రూపాయలు అవుతుంది. మూడేళ్ళ లాక్-ఇన్. కేంద్ర గిడ్డంగుల సంస్థ గోడౌన్లలో కూడా వాడకం మీద కట్టే లెక్కా, చోటు రిజర్వు చేసుకుని కట్టే లెక్కా రెండూ ఉన్నాయి. ఈ మూడోది ఆ రిజర్వేషన్ బాపతు.

ఏడాది లెక్కలో ఇదే ఖరీదైనట్టు కనిపిస్తుంది. కానీ ఓడ నెల రోజులు ఆలస్యమైతే చూడండి. టన్ను లెక్కన 600 టన్నులకు అదనంగా 30 రోజుల అద్దె, 72,000 రూపాయలు పడుతుంది. ప్యాలెట్ లెక్కన సంచిని ఒకటిగా కొలిస్తే 60,000, రెండుగా కొలిస్తే 1,20,000. చదరపు అడుగు లెక్కలో ఆ 600 టన్నులకు అదనం ఏమీ లేదు. మళ్ళీ ఇక్కడ ఒక హద్దు ఉంది. చోటు అంతా పాత సరుకుతో నిండిపోతే, మిల్లు నుంచి వచ్చే కొత్త లారీలను ఎక్కడ దింపాలి? కేటాయించిన చోటు దాటితే ఏ రేటు పడుతుందో ముందే రాసుకోకపోతే, అవసరం నెత్తిమీదికి వచ్చినప్పుడు గోడౌన్ వాళ్ళు చెప్పిందే రేటు అవుతుంది.

సరుకు బయటికి ఎంత వేగంగా వస్తుందన్న అంశాన్ని మన వాళ్ళు కొటేషన్లలో దాదాపు ఎప్పుడూ అడగరు. ప్రపంచం చూసిన ఒక పెద్ద ఉదాహరణ అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిగింది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ గుర్తింపు ఉన్న అల్యూమినియం గోడౌన్లను అక్కడ మెట్రో అనే కంపెనీ నడిపేది. 2010లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు ఆ కంపెనీని కొన్నది. సరుకు బయటికి ఇవ్వడానికి ఎక్స్ఛేంజ్ రోజుకు ఒక కనీస పరిమాణం నిర్ణయించింది. మొదట్లో అది 1,500 టన్నులు. గోడౌన్ దాన్నే గరిష్ఠంగా వాడుకుంది. సరుకు యజమానులు తమ లోహం కోసం ఏడాదికి పైగా వరసలో నిలబడ్డారు. వరసలో ఉన్నన్నాళ్ళూ అద్దె నడుస్తూనే ఉంది. లోహాన్ని ఒక గోడౌన్ నుంచి తీసి అదే కంపెనీ నడిపే ఇంకో గోడౌన్‌లో పెట్టిన వైనాన్ని 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. 2014లో అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఎక్స్ఛేంజ్ నిబంధనలు మార్చింది.

మన రేవు గోడౌన్లలో అంత దూరం పోకపోయినా, దాని చిన్న రూపం ఉంటుంది. ఓడ వచ్చింది, నాలుగు రోజుల్లో 400 సంచులు బయటికి రావాలి. గోడౌన్‌లో ఒకటే ఫోర్క్‌లిఫ్ట్. అదే వారంలో ఇంకొకరి సరుకు కూడా వెళ్ళాలి. లారీలు గేటు బయట ఆగితే వాటి నిలుపుదల ఖర్చు మిల్లుదే, గోడౌన్ అద్దె రోజులు పెరిగితే ఆ లాభం గోడౌన్‌ది. రోజుకు కనీసం ఇన్ని సంచులు బయటికి ఇస్తామని రాయించుకోవాలి. గోడౌన్ వైపు ఆలస్యం వల్ల నిలిచిన రోజులకు అద్దె లేదని కూడా రాయించుకోవాలి. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇష్టపడని గోడౌన్ ఎంత తక్కువ రేటు చెప్పినా అనుమానించవలసిందే.

పెద్ద పద్దులు ఇవీ. వీటి కింద చిన్న పద్దుల వరస ఒకటి ఉంటుంది. రాత్రి పూట లోడింగ్, ఆదివారం హమాలీ, కాటా, లేబుల్, సంచి మార్పిడి. వీటిలో ముగ్గురాయికి నిజంగా తగిలేది సంచి మార్పిడి ఒక్కటే. జంబో బ్యాగులు పాలీప్రొపిలీన్ నేత. ఎండలో నెలల తరబడి ఉంటే ఆ నేత బలం తగ్గుతుంది, ఎత్తేటప్పుడు పట్టీ తెగుతుంది. ఆరుబయట యార్డు అద్దె తక్కువని అక్కడ పెట్టి, ఓడ ఆలస్యమై, చివరికి పదో వంతు సంచులు మార్చవలసి వస్తే మిగిలిన అద్దె అంతా అక్కడే పోతుంది. పైగా పట్టీ తెగి పొడి ఒలికితే అది సంచి లోపమా, ఫోర్క్‌లిఫ్ట్ నడిపినవాడి తప్పా అన్న తగాదా మొదలవుతుంది. లోపలికి తీసుకునేటప్పుడే చిరుగుల లెక్క రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకుంటే ఆ తగాదా సగం తగ్గుతుంది.

పన్ను సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు జీఎస్టీ మినహాయింపు ఉంది కానీ ఖనిజానికి లేదు, 18 శాతం పడుతుంది. ఎగుమతిదారు దాన్ని తర్వాత తిరిగి పొందవచ్చు, అయితే అప్పటిదాకా ఆ డబ్బు ఆగి ఉంటుంది. ఒక కొటేషన్ పన్నుతో కలిపి, ఇంకొకటి పన్ను లేకుండా ఉంటే ముందు రెండింటినీ ఒకే దారికి తెచ్చుకోవాలి.

మూడు కొటేషన్లను పక్కపక్కన పెట్టి రేట్లు చూస్తే ఏమీ తెలియదు. ఒకరు ప్యాలెట్ అంటారు, ఒకరు టన్ను అంటారు, ఇంకొకరు అడుగు అంటారు. వాటిని పోల్చాలంటే మూడింటి గుండా ఒకే సరుకును నడిపించి చూడాలి. అందుకు ముందు మిల్లు యజమానే తన సరుకు వివరం ఒక కాగితం మీద రాసి, ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వాలి. సంచి బరువు, కొలతలు, ఎన్ని వరసల ఎత్తు పేర్చవచ్చు, నెలనెలా వచ్చేది ఎంత, వెళ్ళేది ఎంత, ఎక్కువలో ఎక్కువ ఏ రోజున ఎన్ని సంచులు లోపల ఉంటాయి, సగటున ఎన్ని రోజులు నిలుస్తాయి. ఆ సరుకుకు నెలనెలా బిల్లు ఎంతవుతుందో గోడౌన్ వాళ్ళ చేతే వేయించాలి. ఒక జంబో బ్యాగ్ వాళ్ళ లెక్కలో ఎన్ని ప్యాలెట్లో అప్పుడే బయటపడుతుంది, మొదటి బిల్లు దాకా ఆగనక్కర్లేదు.

అలా వేయిస్తే మన మిల్లుకు మూడు కథలు కనిపిస్తాయి. అంతా అనుకున్నట్టు జరిగిన ఏడాది ఒకటి, సరుకు తగ్గిన ఏడాది ఒకటి, ఓడలు ఆలస్యమైన ఏడాది ఒకటి. సంచి ఒక్కటిగా లెక్కిస్తే ప్యాలెట్ గోడౌన్ పోటీలో ఉంటుంది, రెండుగా లెక్కిస్తే అది ఆ రోజే బయటికి పోతుంది. కనీసాన్ని ఏడాదికి కొలిస్తే టన్ను గోడౌన్‌కు సాటి లేదు. అన్ని టన్నులకూ సగటున 180 రూపాయలే. నెలకు కొలిస్తే అది 219కి పెరుగుతుంది, 240 పడే చదరపు అడుగు గోడౌన్‌కు దగ్గరవుతుంది. ఓడలు తరచూ ఆలస్యమయ్యే మిల్లుకు మాత్రం ఆ మూడోదే నయం కావచ్చు. మూడేళ్ళ లాక్-ఇన్ భరించగలిగితేనే సుమా.

ఇప్పటిదాకా వేసినవన్నీ లారీ సరుకు లెక్కలు. ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు జిల్లా వెంకటాచలం దాకా కొత్త రైలు మార్గం 2019లో మొదలైంది. వెలిగొండల్లో ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి కృష్ణపట్నం రేవు దారిని దగ్గర చేశారు. లారీ అయితే రోజుకు కొన్ని సంచుల చొప్పున తెస్తుంది. రైలు రేక్ అయితే ఒకేసారి వేల టన్నులు తెస్తుంది. అప్పుడు గోడౌన్‌కు ఒక్క రోజులో దింపుకునే శక్తి కావాలి. సగటు నిల్వ రోజులూ, ఎక్కువలో ఎక్కువ నిల్వా రెండూ మారిపోతాయి. లారీ లెక్కలకు రాసుకున్న ఒప్పందాన్ని రైలు సరుకుకు అలాగే పొడిగించకూడదు. దారి మారితే కొటేషన్లు మళ్ళీ తెప్పించుకోవలసిందే.

మిల్లుల యజమానులకు ఒక విన్నపం. మీ గేటు రిజిస్టరులో గడిచిన పన్నెండు నెలల లెక్క ఉంది. ఏ తేదీన ఎన్ని సంచులు వెళ్ళాయో, ఓడ ఏ తేదీన ఎక్కాయో అందులో రాసే ఉంటుంది. తర్వాతి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ రిజిస్టరు తెరిచి, ప్రతి కొటేషన్‌కూ ఆ పన్నెండు నెలల బిల్లూ వేసి చూసుకోండి. ఒక్క మధ్యాహ్నం చాలు.